ఓడ ఆగిన రోజు ఎవరిది?

1956 అక్టోబరులో మచిలీపట్నం నుంచి ఇటలీలోని జెనోవా రేవుకు ఇనుప ఖనిజం తీసుకెళ్లడానికి ఒక ఓడను మాట్లాడుకున్నారు. ఓడ పేరు మసాలియా. టన్నుకు ఇంత అని కిరాయి ఖాయమైంది. సూయజ్ కాలువ దాటేటప్పుడు కెప్టెన్ జెనోవాకు తంతి పంపాలన్న మాట కూడా ఒప్పందంలో ఉంది. కొద్ది రోజులకే ఈజిప్టు మీద యుద్ధం మొదలైంది. నవంబరు మొదట్లో కాలువ మూతపడింది. ఇక ఖనిజం ఆఫ్రికా ఖండాన్ని మొత్తం చుట్టి, గుడ్ హోప్ అగ్రం మీదుగా వెళ్లాల్సి వచ్చింది. దూరం దాదాపు రెట్టింపైంది. ఇంధనమూ, నావికుల జీతాలూ, రోజులూ అన్నీ ఆ మేరకు పెరిగాయి.

ఆ అదనపు ఖర్చు ఎవరు భరించాలన్న తగువు లండన్ కోర్టుకు ఎక్కింది. అక్కడికి వెళ్లింది సరుకువాళ్లు కాదు, ఓడ యజమానులు. కాలువ మూతపడటంతో పాత ఒప్పందం చచ్చిపోయిందనీ, చుట్టుదారికి తగిన కొత్త కిరాయి ఇప్పించాలనీ వాళ్లు అడిగారు.

అదే యుద్ధం, అదే కాలువ ఇంకో ఓడను కూడా కోర్టుకు తెచ్చాయి. దాని పేరు యూజీనియా. నల్ల సముద్రపు రేవుల్లో ఇనుము, ఉక్కు సరుకు ఎక్కించుకుని మన దేశానికి బయల్దేరిన ఓడ అది. ఒప్పందం చచ్చిపోయిందని ఈసారి వాదించింది ఓడ యజమాని కాదు, ఓడను అద్దెకు తీసుకున్న సోవియట్ సంస్థ సోవ్‌ఫ్రాక్ట్. యజమాని మాత్రం ఒప్పందం నిక్షేపంగా ఉంది, అద్దె కట్టండి అన్నాడు.

ఒకే కాలువ మూతపడితే ఒకచోట ఓడ యజమాని గగ్గోలు పెట్టాడు, మరోచోట అద్దెకు తీసుకున్నవాడు పెట్టాడు. కారణం ఒప్పందాల రకంలో ఉంది. మసాలియాది వాయేజ్ చార్టర్, యూజీనియాది టైమ్ చార్టర్. మొదటిదాంట్లో పోయిన ప్రతి రోజూ యజమాని జేబులోంచి పోతుంది. రెండోదాంట్లో అద్దెకు తీసుకున్నవాడి జేబులోంచి పోతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఇంధనం, రేవు రుసుములు, ఆలస్యాలు ఎవరి ఖాతాలో పడతాయో చాలావరకు అర్థమవుతుంది. మిగిలినదంతా ఈ సూత్రానికి రాసుకున్న మినహాయింపులే.

రెండు బేరాలు

వాయేజ్ చార్టర్‌లో సరుకువాడు కొనేది ఒక ప్రయాణాన్ని. ఇంత సరుకును ఈ రేవు నుంచి ఆ రేవుకు చేర్చాలి, టన్నుకు ఇన్ని డాలర్లు. ఆ సొమ్మును ఫ్రైట్ అంటారు. ఎన్ని రోజులు పడుతుంది, ఎంత ఇంధనం కాలుతుంది, దారిలో కాలువకు ఎంత కట్టాలి అన్న లెక్కలన్నీ యజమాని ముందే వేసుకుని ఆ రేటు చెబుతాడు. కాబట్టి ఇంధనం అతనిదే. ఓడ రేవులోకి వచ్చినందుకు కట్టే రుసుము, దారి చూపే పైలట్, లాగే టగ్‌లు, కాలువ సుంకం కూడా అతనివే. సరుకు మీద పడే రుసుములు మాత్రం సరుకువాడివి. ఎగుమతి, దిగుమతి కూలీ ఎవరిదన్నది విడిగా రాసుకుంటారు. బియ్యం, బొగ్గు వంటి సరుకుల్లో ఆ కూలీ చాలావరకు సరుకువాడి మీదే ఉంటుంది.

టైమ్ చార్టర్‌లో కొనేది ప్రయాణాన్ని కాదు, కాలాన్ని. ఓడనూ అందులోని సిబ్బందినీ కలిపి రోజుకు ఇంత అని అద్దెకు తీసుకుంటారు. ఈ అద్దెను హైర్ అంటారు. సాధారణంగా పదిహేను రోజులకోసారి ముందుగానే కట్టాలి, కట్టకపోతే ఓడను వెనక్కి తీసుకునే హక్కు యజమానికి ఉంటుంది. ఓడ ఏ రేవుకు వెళ్లాలో, ఏ సరుకు ఎక్కించాలో చెప్పేది చార్టరర్. తన అవసరానికి తిప్పుకుంటున్నాడు కాబట్టి తిప్పడానికయ్యే ఖర్చూ అతనిదే. ఇంధనం, రేవు రుసుములు, పైలట్, టగ్‌లు, కాలువ సుంకం, రేవులో ఏజెంటు ఫీజు, కూలీ అన్నీ అతని ఖాతాలో పడతాయి. యజమానికి మిగిలేవి ఓడను ఓడగా నిలబెట్టే ఖర్చులు: నావికుల జీతాలు, తిండి, మరమ్మతులు, ఇంజన్ ఆయిల్, ఓడ బీమా.

మన ఊళ్లలో లారీ మాట్లాడుకునేటప్పుడు ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. లోడుకు ఇంత అని బేరం కుదిరితే డీజిలూ టోలూ లారీవాడివి. రోజుకు ఇంత, డీజిల్ మీది అంటే దారిలో ట్రాఫిక్‌లో నిలబడ్డ రోజు కూడా మనదే.

ఈ ఒప్పందాలకు ఏళ్లనాటి ముద్రిత నమూనాలున్నాయి. వాయేజ్‌కు ఎక్కువగా వాడేది జెన్‌కాన్, 1922లో పుట్టింది. టైమ్ చార్టర్‌కు 1913 నాటి న్యూయార్క్ ప్రొడ్యూస్ ఎక్స్చేంజ్ నమూనా. రెండింటినీ ఎన్నోసార్లు సవరించారు. అయినా నమూనాను నమూనాగా సంతకం చేసేవాళ్లు అరుదు. కొట్టివేతలు, పక్కన చేర్చిన పేజీలు కలిసి అసలు ఒప్పందమవుతాయి. తగువులు పుట్టేది కూడా ఎక్కువగా ఆ చేర్చిన పేజీల్లోనే.

కాలువ తీర్పులు

మసాలియా కేసులో 1960లో జడ్జి పియర్సన్ యజమానుల వాదనతో ఏకీభవించాడు. సూయజ్ దాటేటప్పుడు తంతి పంపాలని రాసుకున్నారంటే, ఇద్దరూ ఆ దారినే మనసులో పెట్టుకున్నారని ఆయన లెక్క. దారి మూసుకుపోతే ఒప్పందం ముగిసినట్టే అన్నాడు.

యూజీనియా కేసు 1963లో అప్పీలు కోర్టుకు వచ్చింది. అక్కడ తీర్పిచ్చినవారిలో లార్డ్ డెన్నింగ్ ఒకరు. ఆ ఒప్పందం కుదిరే నాటికే ఈజిప్టు కాలువను జాతీయం చేసింది. రేపు కాలువ మూతపడితే ఎలా అన్న మాట రెండు పక్షాల ప్రతినిధుల మధ్య వచ్చింది కూడా. ఏమీ తేలక దాన్ని అలాగే వదిలేసి సంతకాలు చేశారు. తర్వాత ఓడ పోర్ట్ సయీద్ చేరే సమయానికి అక్కడ యుద్ధ వాతావరణం నెలకొని ఉంది. యజమాని అనుమతి లేకుండా ప్రమాద ప్రాంతానికి ఓడను పంపకూడదని ఒప్పందంలో ఉన్నా, ఓడ కాలువలోకి వెళ్లి చిక్కుకుపోయింది.

చార్టరర్ తన తప్పువల్ల వచ్చిన చిక్కును సాకుగా చూపలేడని కోర్టు అంది. అంతటితో ఆగకుండా, అసలు కాలువలోకి వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా లెక్క చూసింది. మొత్తం ప్రయాణం కాలువ మీదుగా 108 రోజులు, గుడ్ హోప్ మీదుగా 138 రోజులు. సరుకు ఇనుము, ఉక్కు కాబట్టి నెల రోజులు ఆలస్యమైనా పాడయ్యేది కాదు. ప్రయాణం ఖరీదైంది, కష్టమైంది, అంతే తప్ప వేరే ప్రయాణంగా మారిపోలేదు. కాబట్టి ఒప్పందం బతికే ఉంది, రోజులు చార్టరర్‌వే. మచిలీపట్నం ఖనిజం కేసులో వచ్చిన పాత తీర్పు సరికాదని కూడా ఆ కోర్టు తేల్చింది.

ఆనాటి నుంచీ నిలిచిన పాఠం ఇది. దారి పొడవైందని, ఖర్చు పెరిగిందని ఒప్పందం దానంతటది రద్దు కాదు. వాయేజ్ చార్టర్ అయితే చుట్టుదారి ఇంధనం యజమానిదే, టైమ్ చార్టర్ అయితే చార్టరర్‌దే. వేరుగా కావాలంటే ముందే రాసుకోవాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, ఓడలు మళ్లీ గుడ్ హోప్ దారి పట్టినప్పుడు కొత్త ఒప్పందాల్లో ఈ మాట విడిగా రాసుకోవాల్సిన అవసరం మళ్లీ కనిపించింది.

కాకినాడ లంగరు రేవులో

దారి మూతపడటం ఎప్పుడో జరిగేది. రేవులో ఆలస్యం మాత్రం ప్రతి ప్రయాణంలోనూ ఉండేదే. దీన్ని చూడటానికి కాకినాడ కంటే మంచి చోటు లేదు. పశ్చిమాఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యం ఇక్కడ లంగరు రేవులో ఎక్కుతుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, బార్జ్‌లు బస్తాలను మోసుకెళతాయి. ఓడ క్రేన్లు ఆ బస్తాలను హోల్డుల్లోకి దించుతాయి. చినుకు పడితే హోల్డు మూతలు మూసేయాలి, బియ్యం తడిస్తే ముక్కిపోతాయి. సముద్రం ఎగసిపడితే బార్జ్‌లు ఓడ పక్కన నిలవలేవు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ రెండూ తప్పవు.

వాయేజ్ చార్టర్‌లో ఇలాంటి ఆలస్యాన్ని పంచడానికి ఒక ఏర్పాటు ఉంది. సరుకు ఎక్కించడానికి, దించడానికి చార్టరర్‌కు ఇన్ని రోజులని గడువు ఇస్తారు. దాన్ని లేటైమ్ అంటారు. ఆ రోజుల అద్దె ఫ్రైట్‌లోనే కలిసి ఉంటుంది. గడువు దాటిన ప్రతి రోజుకూ చార్టరర్ యజమానికి డెమరేజ్ కట్టాలి. గడువుకు ముందే పని ముగిస్తే యజమాని తిరిగి కొంత ఇస్తాడు, దాన్ని డిస్పాచ్ అంటారు. అది మామూలుగా డెమరేజ్‌లో సగం ఉంటుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది మొదటి ప్రశ్న. ఓడ చేరింది, సరుకుకు సిద్ధంగా ఉంది అని కెప్టెన్ ఇచ్చే నోటీసుతో అది మొదలవుతుంది. నోటీసు ఇచ్చాక ఒప్పందంలో రాసుకున్న కొన్ని గంటలు గడిస్తే లెక్క నడుస్తుంది. ఇక్కడ బియ్యానికి ఒక మెలిక ఉంది. ఆ ఓడ అంతకుముందు బొగ్గో, సిమెంటు క్లింకరో మోసి ఉండవచ్చు. సర్వేయర్ హోల్డుల్లోకి దిగి చూసి, పాత సరుకు దుమ్మో, తుప్పు పెచ్చులో, వాసనో ఉందని తిప్పికొడితే ఓడ సిద్ధంగా లేనట్టే. అప్పుడు నోటీసు చెల్లదు, కడిగి మళ్లీ పాసయ్యేదాకా పోయిన రోజులు యజమానివే. టైమ్ చార్టర్‌లో కూడా ఈ ఒక్కచోట ఫలితం అదే. హోల్డులు తప్పితే పాసయ్యేవరకు అద్దె ఆగిపోతుందని ఒప్పందంలో చేర్చడం పరిపాటి.

గడియారం ఎప్పుడు ఆగుతుందన్నది రెండో ప్రశ్న. బియ్యం ఒప్పందాల్లో గడువును వాతావరణం అనుకూలించిన పనిరోజుల్లో లెక్కిస్తారు. వాన పడిన గంటలు గడువులోకి రావు, అంటే ఆ గంటల నష్టం యజమానిది. గడువు ఒకసారి అయిపోయి డెమరేజ్ మొదలయ్యాక మాత్రం వానకు కూడా మినహాయింపు ఉండదు, వేరే విధంగా స్పష్టంగా రాసుకుంటే తప్ప. అంటే అదే వాన పదో రోజున పడితే యజమాని ఖాతా, ఇరవై రెండో రోజున పడితే చార్టరర్ ఖాతా. అందుకే ఏ గంటకు వాన మొదలైంది, ఏ గంటకు మూతలు తెరిచారు అని ఏజెంటు రాసే దినచర్య పత్రానికి అంత విలువ. ఎగుమతిదారు ప్రతినిధి దాన్ని చదవకుండా సంతకం పెడితే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

అవతలి రేవులో బెర్త్ దొరక్క నిలబడిన రోజులు ఎవరివన్నది మూడో ప్రశ్న. ఒప్పందంలో గమ్యంగా రేవు పేరు రాస్తే, ఓడ ఆ రేవులో మామూలుగా ఓడలు వేచి ఉండే చోటికి చేరగానే చేరినట్టు లెక్క. 1973లో యోహానా ఓల్డెన్‌డోర్ఫ్ అనే ఓడ కేసులో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. అప్పుడు వేచి ఉన్న రోజులు చార్టరర్ గడువులోంచి పోతాయి. ఒప్పందంలో గమ్యంగా బెర్త్ అని రాసి ఇంకేమీ చేర్చకపోతే, బెర్త్ చేరేదాకా ఓడ చేరనట్టే. ఆ రోజులు యజమానివి.

టైమ్ చార్టర్‌లో ఈ మూడు ప్రశ్నలూ దాదాపు ఉండవు. వాన పడినా, బార్జ్ రాకపోయినా, బెర్త్ దొరక్కపోయినా అద్దె నడుస్తూనే ఉంటుంది. అద్దె ఆగేది ఆఫ్ హైర్ నిబంధన కింద మాత్రమే. ఇంజన్ చెడిపోవడం, సిబ్బంది చాలకపోవడం, క్రేన్ పనిచేయకపోవడం వంటి ఓడ వైపు లోపాలు అందులో ఉంటాయి.

మరి ప్రభుత్వ అధికారులు ఓడను ఆపేస్తే? 2024 నవంబరు చివర్లో, రేషన్ బియ్యం ఉన్నాయన్న ఆరోపణతో కాకినాడ లంగరు రేవులో స్టెల్లా ఎల్ అనే ఓడను ఆపేసిన సంగతి మన పత్రికల్లో రోజుల తరబడి వచ్చింది. అలా నిలిచిన రోజుల అద్దె ఎవరిదో చెప్పే ఒక పాత తీర్పు కూడా బియ్యం ఓడదే. లకోనియన్ కాన్ఫిడెన్స్ అనే ఓడ యాంగోన్ నుంచి చట్టగ్రామ్‌కు బియ్యం బస్తాలు తీసుకెళ్లింది. దించుడు ముగిశాక పదహారు టన్నుల లోపు చెడిపోయిన బియ్యం మిగిలింది. దాన్ని పారబోయడానికి రేవు అధికారులు ఒప్పుకోక ఓడ 18 రోజులు కదల్లేదు. లండన్ జడ్జి రిక్స్ చార్టరర్ అద్దె కట్టాల్సిందే అన్నాడు. ఓడ పనిచేసే స్థితిలోనే ఉంది, అడ్డు బయటి నుంచి వచ్చింది, ఆ ఒప్పందంలోని ఆఫ్ హైర్ మాటలు అలాంటి అడ్డును కవర్ చేసేంత విశాలంగా లేవు అన్నది ఆయన కారణం. ఆ తీర్పు తెలిసిన చార్టరర్లు ఆ నిబంధనను విశాలంగా రాయించుకోవడానికి బేరమాడతారు.

ఒక ప్రయాణం లెక్క

ఇప్పుడు ఒక ఊహాప్రయాణానికి లెక్క వేద్దాం. అంకెలు గుండ్రంగా పెట్టుకున్నవి, దళారీ కమీషన్లు పక్కన పెడుతున్నాను. కాకినాడ ఎగుమతిదారు 30,000 టన్నుల బియ్యాన్ని బెనిన్ దేశంలోని కొటొను రేవుకు పంపాలి. దారి ఎలాగూ గుడ్ హోప్ మీదుగానే, సముద్రంలో 25 రోజులు. రోజుకు 1,500 టన్నుల చొప్పున ఎక్కించడానికి 20 రోజులు, దించడానికి 20 రోజులు. మొత్తం 65 రోజులు.

ఓడ అద్దె రోజుకు 12,000 డాలర్లు అనుకుందాం. 65 రోజులకు 7 లక్షల 80 వేలు. సముద్రంలో రోజుకు 24 టన్నులు, రేవుల్లో రోజుకు రెండున్నర టన్నుల చొప్పున ఇంధనం 700 టన్నులు. టన్ను 600 డాలర్ల చొప్పున 4 లక్షల 20 వేలు. రెండు రేవుల్లో ఓడ రుసుములు లక్షన్నర. అంతా కలిపి 13 లక్షల 50 వేలు, అంటే టన్నుకు 45 డాలర్లు పడింది. ఇదే ప్రయాణానికి వాయేజ్ చార్టర్‌లో టన్నుకు 48 డాలర్లు అడుగుతున్నారనుకుందాం. ఫ్రైట్ 14 లక్షల 40 వేలు అవుతుంది. కాగితం మీద టైమ్ చార్టర్ 90 వేలు చవక. అనుభవం లేని ఎగుమతిదారు ఇక్కడే ఆగిపోతాడు.

ఇప్పుడు ఓడ బయల్దేరింది. కాకినాడలో గడువులోపలే నాలుగు రోజులు వాన పడింది. బార్జ్‌లు చాలక మరో మూడు రోజులు ఎక్కువ పట్టాయి. కొటొనులో బెర్త్ కోసం ఆరు రోజులు వేచి ఉంది. దారిలో ఇంజన్ చెడి రెండు రోజులు ఆగింది. ఇంధనం కొనే లోపే దాని ధర టన్నుకు 120 డాలర్లు పెరిగింది. వీటిలో వింతైనది ఏదీ లేదు, అన్నీ ఒకే ప్రయాణంలో రావడం కూడా అసాధారణం కాదు.

వాయేజ్ చార్టర్‌లో వాన రోజులు ఎగుమతిదారుకు అంటవు. బార్జ్‌ల వల్ల పోయిన మూడు రోజులకు డెమరేజ్ పడుతుంది. రోజుకు 14,000 చొప్పున అది 42 వేలు. గమ్యంగా రేవు పేరు రాశారు కాబట్టి బెర్త్ కోసం పోయిన ఆరు రోజులూ గడువును తినేసి, ఆ మేరకు చివర్లో డెమరేజ్‌గా తేలతాయి. అది 84 వేలు. ఇంజన్, ఇంధనం ధర రెండూ యజమాని బాధ. ఎగుమతిదారు కట్టేది మొత్తం 15 లక్షల 66 వేలు.

టైమ్ చార్టర్‌లో వాన, బార్జ్‌లు, బెర్త్ కలిపి 13 రోజులు. రోజుకు అద్దె 12,000, రేవులో కాలే ఇంధనం 1,500. వెరసి లక్షా 75 వేల 500. ఇంధనం ధర పెరగడం వల్ల మరో 84 వేలు. ఇంజన్ చెడిన రెండు రోజులకు మాత్రం అద్దె లేదు. మొత్తం సుమారు 16 లక్షల 10 వేలు. 90 వేలు చవకగా కనిపించిన బేరం చివరికి 43 వేలకు పైగా ఎక్కువైంది.

వాయేజ్ చార్టర్‌లో ఆ ఓడ యజమాని ఎలా తేలాడో కూడా చూడాలి. 90 వేలు మిగులుతుందనుకున్న ప్రయాణంలో వాన రోజులు, ఇంజన్ రోజులు, ఇంధనం ధర కలిసి అతనికి సుమారు 67 వేల నష్టం తెచ్చాయి. డెమరేజ్ రేటు అతని నిజమైన రోజు ఖర్చుకు దగ్గరగా ఉంది కాబట్టి ఆ నష్టం అక్కడితో ఆగింది. టన్నుకు అడిగిన అదనపు మూడు డాలర్లు ఈ రిస్కుకు కట్టిన వెల. ఇంధనం ధర తగ్గి, ఎండలు కాసి, బెర్త్ వెంటనే దొరికి ఉంటే ఆ మూడు డాలర్లు పూర్తిగా అతనికే మిగిలేవి. టైమ్ చార్టర్ తీసుకుంటే ఎగుమతిదారుకు మిగిలేవి.

ఇంధనం దగ్గర తగువులు

టైమ్ చార్టర్‌లో ఇంధనం చార్టరర్‌ది అన్నాక, ఓడను నడిపేది మాత్రం యజమాని మనుషులే. కెప్టెన్ ఎక్కువ కాలిస్తే సొమ్ము తనది కాదు. అందుకే ఓడ ఇంత వేగంతో రోజుకు ఇన్ని టన్నులు కాలుస్తుందని యజమాని మాట ఇవ్వాలి. ఆ మాట మంచి వాతావరణానికే వర్తిస్తుంది, సాధారణంగా గాలి బ్యూఫోర్ట్ కొలతలో 4 మించని రోజులకు. ప్రయాణం ముగిశాక చార్టరర్ మంచి రోజులను ఏరి, ఆ రోజుల్లో ఓడ ఎలా నడిచిందో చూసి తక్కువైతే అద్దెలో కోత అడుగుతాడు. కెప్టెన్ రాసిన గాలి లెక్కకూ, వాతావరణ సంస్థ చూపే లెక్కకూ పొంతన కుదరనప్పుడు తగువు మొదలవుతుంది.

ట్యాంకులో ఉన్న ఇంధనానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఓడను అప్పగించినప్పుడు ట్యాంకులో ఎంత ఉంటే అంతకూ చార్టరర్ యజమానికి డబ్బు కడతాడు. తిరిగి అప్పగించేటప్పుడు మిగిలినదాన్ని యజమాని కొనుక్కుంటాడు. రెండు వేళలా కొలవడం, ధర ఏదన్నది ముందే రాసుకోవడం తప్పనిసరి. ధర ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్ని పదుల టన్నుల తేడా కూడా వేల డాలర్ల తగువవుతుంది.

మధ్యవర్తి ఉన్నప్పుడు

వాస్తవంలో కాకినాడ ఎగుమతిదారు ఓడ అసలు యజమానితో మాట్లాడటం తక్కువ. మధ్యలో ఒక ఆపరేటర్ ఉంటాడు. అతను యజమాని దగ్గర టైమ్ చార్టర్‌కు ఓడ తీసుకుని, ఎగుమతిదారుకు వాయేజ్ చార్టర్‌కు ఇస్తాడు. ఒక చేత్తో రోజులు కొని, మరో చేత్తో ప్రయాణం అమ్ముతాడు. వాన, బెర్త్, ఇంధనం ధర, చుట్టుదారి రిస్కులన్నీ ఆ రెండు ఒప్పందాల నడుమ అతని మీదే పడతాయి. ఆ వ్యాపారంలో లాభం వచ్చేది కూడా అక్కడి నుంచే.

ఇక్కడే ఎగుమతిదారుకు కనిపించని ప్రమాదం ఉంది. ఆపరేటర్ చేతులెత్తేసి యజమానికి అద్దె కట్టకపోతే, న్యూయార్క్ నమూనా యజమానికి సరుకు మీదా, ఎగుమతిదారు ఇంకా కట్టాల్సిన ఫ్రైట్ మీదా హక్కు ఇస్తుంది. అప్పుడు ఫ్రైట్ తనకు కట్టమని యజమాని నేరుగా నోటీసు పంపవచ్చు. ఆ నోటీసు వచ్చాక తెలియనట్టు ఆపరేటర్‌కే కడితే, అదే సొమ్మును మరోసారి కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే రేటు కంటే ముందు ఆపరేటర్ పాత ఓడల అద్దెలు సక్రమంగా కట్టాడా అని దళారీని అడగాలి.

ఏది ఎవరికి

ఏడాదికి రెండు మూడు ఓడలు పంపే ఎగుమతిదారుకు వాయేజ్ చార్టరే సరిపోతుంది. అతనికి ఇంధనం మార్కెట్టూ తెలియదు, ఖాళీ రోజుల్లో ఓడతో ఏం చేయాలో కూడా తెలియదు. వరసగా సరుకు ఉండి, రేవులో తన బార్జ్‌లు, తన మనుషులు ఉండి, రోజులను తన చేతిలో ఉంచుకోగలిగినవాడికి టైమ్ చార్టర్ లాభిస్తుంది. తన చేతిలో లేని రోజులను కొనడం ఎవరికీ మంచిది కాదు.

వాయేజ్ చార్టర్ తీసుకున్న ఎగుమతిదారు మరో ఒప్పందాన్ని కూడా ఈ కళ్లతోనే చదవాలి. బియ్యం కొన్న కొటొను వ్యాపారితో చేసుకున్న అమ్మకపు ఒప్పందం అది. రవాణా కూడా కలిపి ధర చెప్పి అమ్మితే, ఓడవాడికి కొటొను డెమరేజ్ కట్టాల్సింది ఎగుమతిదారే. కానీ అక్కడ బెర్త్ దగ్గర లారీలు పంపేది, గోదాము చూసేది, కస్టమ్స్ కాగితాలు తెచ్చేది కొనుగోలుదారు. ఓడ ఒప్పందంలో దించుడు గడువు, డెమరేజ్ రేటు ఎలా ఉన్నాయో అమ్మకపు ఒప్పందంలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించుకోవాలి. ఒకదాంట్లో రోజుకు 14,000, మరోదాంట్లో 10,000 ఉంటే, కొటొనులో నిలిచిన ప్రతి రోజూ 4,000 డాలర్లు కాకినాడ నుంచి పోతాయి. రెండు ఒప్పందాలూ ఒకే రోజున, ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చదివించుకుంటే ఆ నష్టం రాదు.